ఓనరుకు ఇంగ్లిష్ అంతంత మాత్రమైతే మెసేజ్ ఎలా రాయాలి

తమ్ముడూ, ఇల్లు ఖాళీ చేయడం గురించి మీరు ఓనరుకు పంపిన మెసేజ్ చదివాను. వచ్చిన కొత్తలో నేను రాసినట్టే ఉంది, అందుకే భయమేసింది. అలాంటి ఒక్క మెసేజ్‌తో నాకు నెల అద్దె పోయింది.

అప్పుడు నేను ఇల్లు మారాలి. నెల ముందు చెప్పాలని ఒప్పందం (మీది ఎన్నాళ్లో మీ కాగితంలో చూసుకోండి). నేను రాసింది ఇది: "ఐ యామ్ ప్లానింగ్ టు వెకేట్ బై 05/06. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్." మర్యాదగా రాశాననే అనుకున్నాను. మా ఓనరుకు ఇంగ్లిష్ రెండో భాష, తెలియని మాటలు డిక్షనరీలో వెతుక్కున్నాడు. రివర్ట్ అంటే జవాబివ్వడం అనేది మన ఆఫీసుల వాడుక, డిక్షనరీలో ముందు కనిపించేది "పాత స్థితికి వెళ్లడం". దాంతో నేను వెళ్దామనుకుని మళ్లీ మానుకున్నానని ఆయన అనుకుని "ఓకే" అని పంపాడు. ఆ ఓకే చూసి నేను నిశ్చింతగా ఉండిపోయాను. తీరా తాళాలు ఇవ్వబోతే ఆయన తెల్లబోయాడు, నోటీసు ఇవ్వలేదని డిపాజిట్‌లోంచి నెల అద్దె పట్టుకున్నాడు. వాదించడానికి నా దగ్గరున్న ఆధారం ఆ మెసేజ్ ఒక్కటే, అది ఎటువైపైనా చదవొచ్చు. కొత్తగా వచ్చినవాడికి నెల అద్దె అంటే ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడైతే ఇలా రాస్తాను: "ఐ విల్ లీవ్ ద హౌస్ ఆన్ 5 జూన్. దిస్ మెసేజ్ ఈజ్ మై నోటీస్. ఐ విల్ గివ్ యూ ద కీస్ ఆన్ 5 జూన్. వాట్ టైమ్ కెన్ యూ కమ్?" 05/06 అని రాస్తే కొందరికి జూన్ 5, కొందరికి మే 6, అందుకే నెల పేరు అక్షరాల్లో రాయాలి. ఇల్లు ఒకచోట హౌస్, ఇంకోచోట ప్రాపర్టీ అయితే అవి రెండనుకుంటారు. చివరి ప్రశ్న కావాలనే పెట్టాను. "అర్థమైందా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు, టైమ్ చెప్పాలంటే మాత్రం విషయం అర్థమై తీరాలి.

మీరు పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ అని రాశారు. చిన్న మాటలే కదా అనుకుంటారు మీరంతా, కానీ పుట్ తెలిసి, ఆఫ్ తెలిసినా, రెండూ కలిస్తే వాయిదా అని ఇంగ్లిష్ అంతంత మాత్రం వచ్చినవాళ్లకు తట్టదు. పోస్ట్‌పోన్, క్యాన్సిల్ అనండి, డిక్షనరీలో వెంటనే దొరుకుతాయి. అలాగని "యూ కమ్ టుమారో" లాంటి విరిగిన ఇంగ్లిష్ వద్దు, అది రమ్మనడమో, వస్తారా అని అడగడమో తేలదు.

మీ మెసేజ్‌లో "మే మూవ్ అవుట్" తీసేసి "విల్ లీవ్" అని పెట్టి, చివర టైమ్ అడిగి ఈ రోజే మళ్లీ పంపండి. టైమ్ చెబుతూ జవాబు వచ్చేదాకా నోటీసు అందిందనుకోకండి, వచ్చాక దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.