మొదటి అడుగు సీన్ అతకడం లేదు: సమాధానం

"నా కథలో ఇద్దరు సహోద్యోగులు లంచ్ కబుర్లతో దగ్గరవుతారు. అతను మనసులో మాట చెప్పే సీన్ మాత్రం సినిమా డైలాగ్‌లా వస్తోంది. ఏం చేయాలి?"

అతని చేత ప్రేమ మాటే ఎత్తించకండి. కాదంటే రేపు మళ్లీ అదే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవాలి కదా, అదీ అతని భయం. అందుకే వెనక్కి తీసుకోగలిగే చిన్న ప్రశ్నే అడుగుతాడు.

"ఆదివారం మీరు ఖాళీయేనా?"

"ఎందుకు, ఆఫీసు ఉందా?"

"లేదు. లేదు కాబట్టే అడుగుతున్నా."

ఆమె వెంటనే ఒప్పుకుంటే సీన్ చప్పబడిపోతుంది. డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసి, అప్పుడు "ఎన్నింటికి?" అననివ్వండి. అంతకుముందు లంచ్‌లలోనే ఆఫీసు కబుర్లు తగ్గి ఇంటి సంగతులు పెరగాలి, లేకపోతే ఈ ప్రశ్న ఊడిపడినట్టుంటుంది. అన్నట్టు, అతన్ని ఆమెకి బాస్‌ని చేయకండి. చేస్తే ఆమె ఇష్టంతో ఒప్పుకుందో, మొహమాటంతో ఒప్పుకుందో పాఠకుడికి తేలదు.