చిన్ననాటి ముచ్చట అడిగితే ఫోన్ చూసుకుంట కూసుంది

"నాకు 29 ఏండ్లు. హనుమకొండల ఉద్యోగం. పరకాల దిక్కు ఒక సంబంధం చూసిండ్రు, ఆమె టీచరు. 'ఇంకో రెండుసార్లు కలిసి మాట్లాడుకోండి' అని పెద్దోళ్లే అన్నరు. చిన్నప్పటి సంగతులు, ఇంటి సంగతులు అడిగితే దగ్గరితనం పెరుగుతదని నెట్‌ల చదివిన. రెండోసారి భద్రకాళి చెరువు కట్ట మీద కూసున్నప్పుడు 'మీ నాన్నతోని మీరు ఎట్ల ఉండేటోళ్లు?', 'చిన్నప్పుడు మిమ్మల్ని బాగ బాధపెట్టిన సంగతేంది?' అని అడిగిన. 'ఏం లేదండీ, అందరి లెక్కనే' అని ఫోన్ చూసుకుంట కూసుంది. అప్పటి సంది మెసేజ్ పెడితే 'ఆఁ', 'సరే' తప్ప ఇంకో మాట లేదు. ఏమన్న దాస్తున్నదా? మళ్ల అడగాల్నా, ఊకుండాల్నా?"
– ఒక పాఠకుడు, హనుమకొండ

దాస్తున్నదని మీ ఉత్తరం చదివితే నాకేమీ అనిపించలేదు. ఆమె తలుపు వేసుకుంది, అంతే. మీరు తట్టిన తీరు అట్లా ఉంది.

నెట్‌లో తిరిగే ఆ ప్రశ్నల జాబితాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి 1997లో ప్రచురించిన అధ్యయనం అది. పరిచయం లేని ఇద్దరిని కూర్చోబెట్టి, 36 ప్రశ్నలను మూడు భాగాలు చేసి, ముప్పావు గంట సేపు మాట్లాడుకోమన్నారు. మొదటి భాగంలో 'చివరిసారి మీలో మీరు పాట పాడుకున్నదెప్పుడు' లాంటి తేలిక ప్రశ్నలుంటాయి. అన్నింటికన్నా చేదు జ్ఞాపకం ఏమిటన్నది 18వ ప్రశ్న. తల్లితో అనుబంధం ఎలాంటిదన్నది 24వది. ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలి. మీరు కింది మెట్లన్నీ వదిలేసి నేరుగా పైకెక్కి, అక్కడి నుంచి ఆమెను ఒక్కదాన్నే మాట్లాడమన్నారు. పైగా అది ఇద్దరూ ఒప్పుకొని కూర్చున్న ప్రయోగం. కట్ట మీద కూర్చున్న అమ్మాయికి అట్లాంటి పరీక్ష ఉందనే తెలియదు.

ఇంకో సంగతి ఆ జాబితాల్లో ఉండదు, మన దగ్గర ఉంటుంది. సంబంధం చూసేటప్పుడు ఇంటి గురించి అడిగే ప్రతి మాటా విచారణే. మీ నాన్న ఏం చేస్తడు, భూమి ఎంత, అన్నదమ్ములు కలిసే ఉన్నరా, మేనత్తను ఎక్కడిచ్చిండ్రు... మధ్యవర్తితో మొదలుపెట్టి మీ పెద్దమ్మ దాకా అందరూ ఆమెను అడిగే ఉంటారు. వాటికి ఎంత వరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆమె ఇంట్లో నేర్పే పంపుతారు. 'మీ నాన్నతోని ఎట్ల ఉండేటోళ్లు' అన్న మాట ఆమె చెవికి అదే వరుసలో వినబడింది. 'అందరి లెక్కనే' అనేది విచారణకు చెప్పే జవాబు.

అందుకే బంధాల గురించి అడగకండి, వస్తువుల గురించి, తిండి గురించి, పండుగల గురించి అడగండి. అడిగే ముందు మీది ఒకటి చెప్పండి. అదీ గొప్పలు కాదు, కాస్త నవ్వులపాలైన ముచ్చట. ఉదాహరణకు మీరు ఇట్లా మొదలుపెట్టారనుకోండి:

"సంక్రాంతికి మా ఇంట్ల సకినాలు చుట్టేటప్పుడు నన్ను దగ్గరికి రానిచ్చేటోళ్లు కాదు. ఒకసారి చాటుకు పోయి చుట్టిన. గుండ్రంగ రాలే, జిలేబి తీరు వచ్చింది. మా నాయనమ్మ దాన్ని పక్కకు పెట్టి, వచ్చినోళ్లందరికీ చూపిచ్చింది. మీ ఇంట్ల ఎవరు చుట్టేది?"

ఆమె "మా అమ్మమ్మ" అంటుంది. ఇక్కడే చాలామంది తప్పుతారు. జవాబు వచ్చింది కదా అని జాబితాలోని తర్వాతి ప్రశ్నకు పోతారు. చిన్నప్పుడు ఏ ఆట ఇష్టం, ఏ సారు ఇష్టం అంటూ. అప్పుడు మళ్లీ ఇంటర్వ్యూ అవుతుంది. ఆమె చెప్పిన మాటనే పట్టుకొని ఇంకో అడుగు వేయాలి: "అమ్మమ్మ మీ ఇంటికొచ్చి చుట్టేదా, మీరే అక్కడికి పోయేటోళ్లా?" 2017లో హార్వర్డ్ పరిశోధకులు స్పీడ్ డేటింగ్ సంభాషణలను పరిశీలించారు. ఎదుటివాళ్లు చెప్పినదాని మీదనే మళ్లీ అడిగినవాళ్లకు రెండోసారి కలుద్దామన్న ఒప్పుకోలు ఎక్కువ వచ్చింది. అలా అడిగితే విన్నట్టు తెలుస్తుంది, కారణం అంతే.

అప్పుడు ఆమె "నేను అమ్మమ్మ దగ్గర్నే పెరిగిన, మా అమ్మానాన్న భీవండీల ఉండేటోళ్లు" అనొచ్చు. చూడండి, మీరు చెరువు కట్ట మీద అడిగిన ప్రశ్నకు జవాబు సకినాల వెనక నుంచి దానంతటదే వచ్చింది. ఇప్పుడు "అయ్యో, అమ్మానాన్నల మీద కోపం రాలేదా?" అని మీద పడకండి. "నాకు గూడ అంతే, హాస్టల్ల ఉన్నప్పుడు..." అని ముచ్చటను మీ వైపు గుంజుకోకండి. కాసేపు ఊరుకొని, "వాళ్లు ఊరికి వచ్చినప్పుడు మీకు ఏం తెచ్చేటోళ్లు?" అనండి. కావాలంటే ఆమె లోతుకు పోతుంది, వద్దంటే గౌను తెచ్చిండ్రని చెప్పి నవ్వి ఊరుకుంటుంది. రెండు దారులూ ఆమె చేతిలోనే ఉంటాయి.

చాలనుకున్నారా, ఇంకా చెప్పాలనుకుంటున్నారా అన్నది మాటల్లో పట్టుకోవచ్చు. చెప్పాలని ఉన్న మనిషి నోట పేర్లు వస్తాయి, ఎవరో అన్న మాట ఆ గొంతుతోనే వస్తుంది, అడగని సంగతి ఒకటి తగులుకొని వస్తుంది, తిరిగి "మరి మీరు?" అని అడుగుతుంది. వద్దనుకున్న మనిషి 'అందరి లెక్కనే' అంటుంది. ఒక్కసారి ఆ మాట వినబడిందా, ముచ్చట మార్చి చాయ్ చెప్పండి.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నా. ఆమె చెప్పింది మీ అమ్మకు చెప్పకండి. "పాపం, అమ్మమ్మ దగ్గర పెరిగిందట" అని మీరు జాలితోనే అంటారు. అది మధ్యవర్తి దాకా పోయి, 'తల్లిదండ్రులు చూసుకోలేదట' అయి వాళ్ల ఇంటికి చేరుతుంది. నా దగ్గరికి వచ్చిన సంబంధాల్లో ఇట్లా చెడినవి ఉన్నాయి. అమ్మ అడిగితే "మంచిగ మాట్లాడినం" అంటే సరిపోతుంది.

అప్పులు, ఆరోగ్యం, పెళ్లయ్యాక ఉద్యోగం, ఇదివరకు ఏదైనా సంబంధం తప్పిపోవడం, వీటిని మాత్రం చిన్ననాటి ముచ్చట్ల చాటున కూపీ లాగొద్దు. తెలియాల్సినవే, కానీ సూటిగా అడగండి, మీవి కూడా చెప్పండి. ఇట్లా మాట్లాడినప్పుడు మనసు దగ్గరైనట్టు ఉంటుంది, నిజమే. ఆరన్ వాళ్లు కూడా ఆ ముప్పావు గంటలో పుట్టేది దగ్గరితనమే కానీ ఒకరికొకరు కట్టుబడి ఉండటం దానితో రాకపోవచ్చని రాశారు. ఒక సాయంత్రం బాగా గడిచిందని ముహూర్తం పెట్టించుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది చిన్న పని. ఈ రోజు ఒక్క మెసేజ్ పెట్టండి: "మొన్న అట్ల అడిగిన, విచారణ చేసినట్టు అయ్యింది. తప్పు నాది. జవాబు చెప్పాల్సిన పని లేదు." దాని కింద ప్రశ్న పెట్టకండి. రెండు రోజులాగి, మీ చిన్నప్పటి ఫొటో ఏదైనా నవ్వు తెప్పించేది ఉంటే పంపండి. ఆమె దాని మీద ఒక్క మాటైనా అంటే మూడోసారి కలవండి. అప్పటికీ 'ఆఁ', 'సరే'నే అయితే, "మీకు ఈ సంబంధం ఇష్టం లేకుంటే నాకు చెప్పండి, కాదన్న మాట మా ఇంట్ల నేనే చెప్త, మీ మీదికి రానియ్య" అనండి. చెప్తే, అన్నట్టే చేయండి.