చీటీలో AC, PC, BD అంటే ఏంటి? నాన్నగారికి ఎలా చెప్పాలి?

“నాన్నగారు ఊళ్లో డాక్టరుకి చూపించుకుని చీటీ ఫోటో పంపారు. Pantoprazole 40 1-0-0 AC, Glimepiride 1 OD AC, Metformin 500 BD PC, Paracetamol 650 SOS x 3/7 అని ఉంది. ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పమంటున్నారు, నాకేమీ అర్థం కావట్లేదు.”

ఈ అక్షరాలన్నీ లాటిన్ మాటల పొట్టి రూపాలు, మనవాళ్లు ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. AC అంటే తిండికి ముందు, PC అంటే తిన్నాక. OD రోజుకి ఒకసారి, BD రెండుసార్లు (మూడుసార్లయితే TDS అని రాస్తారు). 1-0-0 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు. SOS అంటే అవసరమైతేనే, అంటే జ్వరమో నొప్పో ఉన్నప్పుడు మాత్రమే. 3/7 చూసి ఏదో తేదీ అనుకోకండి, మూడు రోజుల వరకు అని. అది పారాసెటమాల్ ఒక్కదానికే. షుగర్ మాత్రలైన గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మూడు రోజులకి ఆపేయమని కాదు, ఈ మాట నాన్నగారికి విడిగా చెప్పండి.

అసలు చిక్కు AC దగ్గర ఉంది. మీ చీటీలో రెండు మాత్రల పక్కన అదే ఉంది కానీ, ఎంత ముందు వేసుకోవాలో ఆ రెండక్షరాలు చెప్పవు. పాంటొప్రజోల్ గ్యాస్ మాత్ర, తినడానికి అరగంట ముందు పరగడుపున వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది ఒంట్లో ఇన్సులిన్‌ని బయటికి తెప్పించే మాత్ర, వేసుకున్నాక తిండి పడకపోతే షుగర్ బాగా పడిపోతుంది.

మా నాన్నగారి విషయంలో ఇదే జరిగింది. AC అంటే పరగడుపున అని ఫోన్‌లో నేనే చెప్పాను. ఆయన పొద్దున్నే రెండు మాత్రలూ కలిపి వేసుకుని, వచ్చాక టిఫిన్ తినొచ్చులే అని కూరగాయలకి వెళ్లారు. గంటన్నర తర్వాత ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయేలా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. అమ్మ మీటర్‌తో చూస్తే 58. పంచదార నీళ్లు తాగించాక పావుగంటకి తేరుకున్నారు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మీ నాన్నగారికి AC, PC అని కాకుండా గడియారం ప్రకారం చెప్పండి. ఏడున్నరకి గ్యాస్ మాత్ర. ఎనిమిదికి ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకున్నాకే గ్లిమిపిరైడ్, వెంటనే తినడం. తిన్నాక మెట్‌ఫార్మిన్, మళ్లీ రాత్రి భోజనం అయ్యాక ఇంకోటి. ఖాళీ కడుపున వేసుకుంటే మెట్‌ఫార్మిన్‌తో వికారం, విరేచనాలు రావచ్చు, అందుకే PC. ఏ రోజైనా టిఫిన్ తినకపోతే ఆ పూట గ్లిమిపిరైడ్ ఏం చెయ్యాలో డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఫోటో. చేతిరాతలో B నడుము సరిగా పడకపోతే అచ్చం O లాగే కనిపిస్తుంది, అంటే BD కాస్తా OD అయిపోతుంది. ఇంకోటి, కొందరు డాక్టర్లు రెండు మూడు మందుల పక్కన పెద్ద బ్రాకెట్ గీసి AC ఒక్కసారే రాస్తారు. ఫోటోలో కుడి అంచు తెగిపోతే ఆ బ్రాకెట్టే కనిపించదు. చీటీని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనిపించేలా, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో ఇంకోసారి తీయించండి.

దాంతో పాటు మెడికల్ షాపు బిల్లు ఫోటో కూడా అడగండి. నేను ప్రతిసారీ దానితోనే సరిచూసుకుంటాను. పదిహేను రోజులకి మందులు తెచ్చుకుంటే BD అయిన మెట్‌ఫార్మిన్ ముప్పై ఉండాలి, అంటే పది మాత్రల స్ట్రిప్పులు మూడు. గ్లిమిపిరైడ్ పదిహేను ఉండాలి. మెట్‌ఫార్మిన్ కూడా పదిహేనే ఉంటే షాపతను OD అని చదివాడన్నమాట, లేదా మీరే OD ని BD అని చదివారు. షాపతన్ని అడిగి సరిపెట్టుకోకుండా, రాత్రి మాత్ర వేసుకునే లోపే చీటీ మీదున్న క్లినిక్ నంబరుకి ఫోన్ చేసి, మందు పేరు చెప్పి, “రోజుకి ఒకటా రెండా” అని అడగండి.