ఇన్సులిన్ డోసు ఎక్కువ పడినప్పుడు కేసు షీట్లో ఏం రాయాలి?

ప్రశ్న: అనంతపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సును. రాత్రి డ్యూటీలో ఒక పేషెంటుకు ఇన్సులిన్ ఎక్కువ పడింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. నోట్స్‌లో 'పొరపాటున' అని రాస్తే నేరం ఒప్పుకున్నట్టు, రాయకపోతే దాచినట్టు అవుతుందని భయంగా ఉంది. ఎలా రాయాలి?

జవాబు: కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డుకు నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు సరిగ్గా ఇలాంటిదే జరిగింది. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ ఎం.ఎల్.కు 40 యూనిట్లవీ ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. దేని సిరంజి దానికే. ఆ రోజు 100 యూనిట్ల వయల్‌లోంచి 40 గీతల సిరంజితో 10వ గీత దాకా తీశారు. పది గీతలంటే ఆ సిరంజిలో పావు ఎం.ఎల్. కాబట్టి లోపలికి వెళ్లింది 25 యూనిట్లు.

డ్యూటీలో ఉన్న అమ్మాయి ముందుగా చిత్తు కాగితం మీద ఇలా రాసి చూపించింది: "ఫార్మసీ వాళ్లు తప్పు సిరంజి పంపడం వల్ల పొరపాటున ఎక్కువ ఇన్సులిన్ ఇచ్చాను. పేషెంటుకు ఏమీ కాలేదు." ఇందులో తీర్పులు ఉన్నాయి కానీ డోసు లేదు, టైము లేదు, జీఆర్‌బీఎస్ లేదు. రెగ్యులర్ ఇన్సులిన్ చర్మం కింద ఇస్తే దాని బలం రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది, ప్రభావం ఆరేడు గంటలు సాగుతుంది. తరువాతి షిఫ్టుకు వచ్చేవాళ్లు ఆ నోట్ చదివి ఎప్పటిదాకా జాగ్రత్తగా చూడాలో ఎలా తెలుసుకుంటారు? 'ఏమీ కాలేదు' అని మొదటి పావుగంటలోనే రాయడం మరీ ప్రమాదం.

చివరికి కేసు షీట్లోకి వెళ్లింది ఇది. మనం రాసేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"ఉ. 7:30: జీఆర్‌బీఎస్ 212. ఆర్డరు: రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, చర్మం కింద. 7:40: ఎం.ఎల్.కు 100 యూనిట్ల వయల్ నుంచి 40 యూనిట్ల సిరంజితో 10వ గీత వరకు తీసి పొట్ట దగ్గర ఇచ్చాను. ఇచ్చిన పరిమాణం 0.25 ఎం.ఎల్., 25 యూనిట్లు. 7:55: వయల్, సిరంజి సరిచూసినప్పుడు గమనించాను. జీఆర్‌బీఎస్ 198. స్పృహలో ఉన్నారు, చెమటలు లేవు. 7:58: డ్యూటీ డాక్టరుకు ఫోనులో తెలియజేశాను. ఆర్డరు: వెంటనే టిఫిను, అరగంటకోసారి జీఆర్‌బీఎస్. 9:30: జీఆర్‌బీఎస్ 64, చేతులు వణుకుతున్నాయని చెప్పారు, నుదుట చెమట. డాక్టరు వచ్చి చూశారు. ఆర్డరు ప్రకారం 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎం.ఎల్. సిరలోకి ఇచ్చాను. 9:45: జీఆర్‌బీఎస్ 121, వణుకు తగ్గింది."

'ఇచ్చాను' అని రాయడానికి చాలామంది జంకుతారు. నా ఉద్దేశంలో జంకనక్కర లేదు. ఇచ్చింది ఎవరన్నది జరిగిన విషయం. ఎందుకు జరిగింది, తప్పు ఎవరిది అన్నవి విచారణలో తేలాల్సినవి, అందుకే 'నిర్లక్ష్యం', 'పొరపాటున', 'స్టాఫ్ లేక' లాంటి మాటలు నోట్స్‌లో వద్దు. 25 యూనిట్లు అన్న అంకెను మాత్రం ఎవరు చెప్పినా వదిలేయకండి. చికిత్స దాని మీదే ఆధారపడి ఉంది. 'యూనిట్లు' అన్న మాట పూర్తిగా రాయండి, ఒక్క అక్షరంతో సరిపెడితే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది.

రెండు రకాల సిరంజిలు ఒకే ట్రేలో ఉన్నాయన్న విషయం మేము ఇన్సిడెంట్ ఫారంలో రాశాం. అక్కడ కూడా ఏది ఎక్కడ ఉందో రాశాం, ఎవరు పెట్టారో ఊహించలేదు. ఆ ఫారం నింపినట్టు కేసు షీట్లో రాయలేదు, దాన్ని కేసు షీటుకు జత చేయలేదు. అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పేషెంటు కుటుంబం చదువుతుందనే అనుకొని రాయండి. వాళ్లకు విషయం చెప్పాల్సింది డాక్టరు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చెప్పారో రికార్డు చేయండి.

మీరు ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే దాన్ని కొట్టేయకండి, వైట్నర్ పూయకండి, పేజీ మార్చకండి. జరిగిన తరువాత దిద్దిన గీత కోర్టులో 'పొరపాటున' అన్న మాటకన్నా ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. దాని కింద ఆలస్యంగా రాస్తున్న నోట్ అని స్పష్టంగా పేర్కొని, ఇప్పుడు రాస్తున్న టైము, సంఘటన జరిగిన టైము రెండూ వేసి, పై పద్ధతిలో రాసి సంతకం చేయండి. గుర్తులేని టైమును అంచనాతో నింపకండి, 'సుమారు' అని రాయండి. నోటీసు లాంటిది వస్తే మాత్రం రికార్డులో ఇక ఒక్క అక్షరం కూడా చేర్చకుండా ఆసుపత్రి లాయరుతో మాట్లాడండి. ఇలా రాసినంత మాత్రాన కేసు రాదని నేను హామీ ఇవ్వలేను.