ఎంటీటీలో 130 శాతం వస్తే కణాలు పెరిగినట్టేనా?

"సార్, మాది శ్రీకాకుళం. పలాస నుంచి తెచ్చిన జీడిమామిడి ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌ని హీలా కణాల మీద వేసి ఎంటీటీ చేశాను. మిల్లీలీటరుకి 200 మైక్రోగ్రాముల దగ్గర వయబిలిటీ 130 శాతం చూపిస్తోంది. కణాలు పెరిగాయని రాసేయొచ్చా?"

అప్పుడే రాయకండి. ప్లేట్ రీడర్‌కి కణాలు కనిపించవు, ఊదా రంగు ఒక్కటే కనిపిస్తుంది. బతికున్న కణంలోని ఎంజైములు ఎన్‌ఏడీహెచ్ లాంటి వాటి సాయంతో పసుపు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, ఆ స్ఫటికాలను డీఎంఎస్ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం, అంతే. అయితే ఆ పని కణమే చెయ్యాలని లేదు. జీడాకులో పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి, అవి కణం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేయగలవు.

నేను మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లతో పనిచేసినప్పుడు ఇది కళ్లారా చూశాను. కణాలు వెయ్యని వెల్‌లో మీడియం, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే పోసి ఇంక్యుబేటర్‌లో పెడితే, తీసేసరికి ఊదా రంగు తిరిగి ఉంది. మీ ప్లేట్‌లో అలాంటి వెల్స్ లేకపోతే ముందు అవి పెట్టండి, ప్రతి డోసుకీ కనీసం మూడు.

లెక్క ఎలా తారుమారవుతుందో చూడండి. ఉదాహరణకి బ్లాంక్ 0.08, మందు వెయ్యని కణాలు 0.88, 200 డోసు వెల్ 1.12 అనుకుందాం. బ్లాంక్ తీసేస్తే 1.04ని 0.80తో భాగించాలి, 130 శాతం. ఇప్పుడు కణాలు లేని ఎక్స్‌ట్రాక్ట్ వెల్ 0.64 చూపిస్తే, 1.12లోంచి తీసెయ్యాల్సింది 0.08 కాదు, ఆ 0.64. మిగిలేది 0.48, అంటే 60 శాతం. పెంచుతోందనుకున్న మందు నిజానికి కణాలను తగ్గిస్తోందన్నమాట!

ఈ తీసివేత కూడా ఉజ్జాయింపే, ఎందుకంటే కణాలున్న వెల్‌లో ఎక్స్‌ట్రాక్ట్ కొంత కణాల్లోకి పోతుంది, కొంత మారిపోతుంది. అంతకన్నా మంచి పద్ధతి, ఎంటీటీ వేసే ముందు పాత మీడియం తీసేసి, వెల్ గోడ వెంబడి పీబీఎస్ నెమ్మదిగా పోసి రెండుసార్లు కడిగి, కొత్త మీడియంలో ఎంటీటీ ఇవ్వడం. గబగబా పోస్తే వదులుగా అంటుకున్న బతికున్న కణాలు కూడా కొట్టుకుపోతాయి, అప్పుడు తప్పు అటువైపు వస్తుంది.

కడిగాక కూడా 100 దాటితే? అప్పుడూ సంఖ్య పెరిగిందని తేల్చలేం, ఉన్న కణాలే ఎక్కువ చురుగ్గా ఉండొచ్చు. అదే డోసులో వేరే వెల్స్ పెట్టి, ట్రిప్సిన్‌తో లేపి, ట్రిపాన్ బ్లూ కలిపి హీమోసైటోమీటర్‌లో లెక్కపెట్టండి. నీలం పట్టనివి బతికున్నవి. ఆ లెక్క మందు వెయ్యని వెల్స్ కంటే నిజంగా ఎక్కువ ఉంటేనే, పేపర్లో "పెరిగాయి" అన్న మాట రాయండి. లేదంటే "మెటబాలిక్ యాక్టివిటీ పెరిగింది" అని రాస్తే చాలు.