సీసీ రోడ్డు లెక్క: మా వీధిలో 30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయిన కాంక్రీటు

ప్రశ్న: మా ఊళ్ళో వీధికి ప్లెయిన్ సిమెంటు రోడ్డు వేస్తా ఉన్నారు, వెడల్పు 3.6 మీటర్లు, మందం 200 ఎంఎం. కాంక్రీటు ఎంత పడుద్ది, డోవెల్ బార్లు ఎన్ని కావాలి, జాయింట్ సీలెంట్ ఎన్ని మీటర్లు వస్తుంది? తెలిసినోళ్ళు ఎట్ల లెక్క వేసుకోవాలో చెప్పండి.

జవాబు:

సివిల్ డిప్లొమా చేసి సైట్ సూపర్వైజర్‌గా పని చేస్తా ఉన్నాను, సొంతూరు చంద్రగిరి పక్కన పల్లె. మా గంగమ్మ గుడి వీధిది కూడా ఇదే వెడల్పు, ఇదే మందం, పొడవు 96 మీటర్లు. అందుకని మా వీధి లెక్కే చెప్తాను, మీ పొడవు వేసుకుంటే మీది వచ్చేస్తుంది.

కాంక్రీటు 96 × 3.6 × 0.2, అంటే 69.12 క్యూబిక్ మీటర్లు. జాయింట్లు 4 మీటర్లకు ఒకటి. 96ని 4తో భాగిస్తే 24 వస్తుంది కానీ అవి పలకలు, జాయింట్లు కాదు, పలకల మధ్యలో ఉండే జాయింట్లు 23. ఈ తప్పు నేను ఎన్ని ఎస్టిమేట్లలో చూసినానో. డోవెల్ బార్లు అంటే జాయింటు దాటి రెండు పలకల్లోకీ పోయే కమ్ములు, 300 ఎంఎంకి ఒకటి, మొదటిది చివరి నుంచి 150 ఎంఎం లోపలికి, అట్ల 3.6 మీటర్లకు 12 వస్తాయి. 23 జాయింట్లకు 276 బార్లు. సీలెంట్ 23 × 3.6, అంటే 82.8 మీటర్లు. పేపర్ మీద ఇంతే. మా వీధిలో మూడు లెక్కలూ నేల మీద వేరే రకంగా తేలినాయి, అది చెప్పాలనే ఇంత రాస్తా ఉండాను.

ముందు కాంక్రీటు. 69.12 కదా అని కాంట్రాక్టరు 6 క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 12 బుక్ చేసినాడు, 72 అవుతుంది, అంటే 2.88 ఎక్కువ. సరిగ్గా ఒక పలకకు పట్టేంత మిగులు ఉంది కదా అని నేను కూడా ఒప్పుకున్నాను. నేను చేసిన తప్పు అదే. 200 ఎంఎం అనేది డ్రాయింగులో ఉండే మందం, కాంక్రీటుకు డ్రాయింగు తెలీదు, కింద ఎంత గుంట ఉంటే అంతా తాగేస్తుంది. మా వీధిలో కింద బేస్ రోలర్ వేసినాక ఎవురూ లెవెల్ చూడలేదు, పైన పాలిథీన్ షీట్ పరిచేస్తే గుంటలు కంటికి కనిపించవు. 12వ బండి కూడా అయిపోయినప్పుడు కాంక్రీటు 91.7 మీటర్ల దగ్గర ఆగింది. జాయింటు ఉండేది 92 దగ్గర, 30 సెంటీమీటర్లు తక్కువ. తర్వాత నేను కూర్చుని లెక్క వేస్తే, 72ని 91.7 × 3.6తో భాగిస్తే సగటు మందం 218 ఎంఎం తేలింది. వేస్టేజీ కొంత తీసేసినా బేస్ సగటున ఒకటిన్నర సెంటీమీటరు పైనే కిందకి ఉన్నట్టు. మా వీధి 345.6 చదరపు మీటర్లు, ఒక్క సెంటీమీటరు తేడాకే మూడున్నర క్యూబిక్ మీటర్లు పోతుంది, సగం బండి కంటే ఎక్కువ.

ఇది ముందే తెలుసుకునేదానికి మిషన్లేం అక్కర్లేదు సామీ. రెండు పక్కలా కాంక్రీటు ఆపే ఇనుప ఛానెల్ బిగించినాక, ఈ ఛానెల్ మీద నుంచి ఆ ఛానెల్ మీదికి దారం లాగి పట్టుకుని, మధ్యలో, ఇటో చోట, అటో చోట టేపుతో లోతు కొలిచి రాసుకోండి, ప్రతి 4 మీటర్లకూ. ఆ సగటే మీ అసలు మందం. అరగంట పని. దాంతో వచ్చిన వాల్యూమ్ మీద ఇంకో 2 శాతం కలిపి బండ్లు బుక్ చేసుకోండి, చివరి బండి మాత్రం ముందే ఖాయం చేయొద్దు, 20 పలకలు అయినాక మిగిలిన పొడవు కొలిచి అప్పుడు ఫోన్ చేసి చెప్పండి ఎంత కావాలో. వీధి వెడల్పు కూడా పల్లెల్లో ఎక్కడా ఒకటే ఉండదు, ఒకరి అరుగు ముందుకు ఉంటుంది, ఒకరి గోడ లోపలికి ఉంటుంది, అందుకని వెడల్పు కూడా ప్రతి 4 మీటర్లకు కొలవండి.

ఇప్పుడు అసలు కథ. సాయంకాలం అయిపోయింది, ప్లాంటు మూసేసినారు, 91.7 దగ్గర మేస్త్రీ ఒక చెక్క అడ్డం పెట్టేసి "రేపు పొద్దున మిగిలింది పోస్తాం అన్నా" అన్నాడు. నేనూ అలిసిపోయి ఊరుకున్నాను. 92 దగ్గర డోవెల్ బార్ల బుట్ట ముందే పెట్టి ఉంది, 12 బార్లు, ఒక్కోటి 360 ఎంఎం పొడవు, అంటే జాయింటుకు ఇటు 180, అటు 180. ఈపక్క బార్లు మొదలయ్యేదే 91.82 దగ్గర. కాంక్రీటు ఆగింది 91.7 దగ్గర, ఇక చూడండి, ఒక్క బారు కూడా మొదటి రోజు కాంక్రీటులో లేదు. మర్నాడు పోసిన దాంట్లోనే 12 బార్లూ నిండా మునిగిపోయినాయి. మొదటి రోజుకీ రెండో రోజుకీ మధ్య బార్లు లేని ఒట్టి గోడ, దానికి 30 సెంటీమీటర్ల పక్కన 92 దగ్గర గ్రూవ్ కటింగ్ కోసినారు.

కాంక్రీటు ఎండే కొద్దీ కుదించుకుంటుంది, ఎక్కడ బలం తక్కువ ఉంటే అక్కడ విడిపోతుంది. 91.7 దగ్గర ముందే విడిగా ఉంది కాబట్టి అక్కడే తెరుచుకుంది, 92 దగ్గర కోసిన గాడి కింద పగలనే లేదు. పగలని చోట బార్లు ఉన్నాయి, పగిలిన చోట బార్లు లేవు. ఇసుక ట్రాక్టర్లు అటు ఇటు పోతా ఉంటే ఒక పలక కిందకి దిగి పక్క పలక అట్లే నిలబడుతుంది, నీళ్ళు లోపలికి పోయి కింద మట్టిని బయటికి నెడతాయి. రెండో వానాకాలానికి ఆ 30 సెంటీమీటర్ల పట్టీ మూల విరిగింది, అంచు వేలి మందం లేచింది. మా పెద్దమ్మ రాత్రిపూట అక్కడ తట్టుకుని పడింది, నాకు ఆ జాయింటు చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ సాయంకాలం నేను చేయాల్సింది రెండిట్లో ఒకటి. 92 దాకా పోయేదానికి కావాల్సింది 0.3 × 3.6 × 0.218, అంటే పావు క్యూబిక్ మీటరు కూడా లేదు, రెండు మూటల సిమెంటు, పక్కనే చిన్న మిక్సర్ ఉంది, కలిపి వేసుంటే సరిపోయేది, జాయింటు బుట్ట మధ్యలోకి వచ్చేది. లేదంటే 88 దగ్గర ఉన్న జాయింటు దాకా పచ్చి కాంక్రీటు వెనక్కి తీసేసి, అక్కడ బార్ల మధ్యలో అడ్డచెక్క పెట్టి ఆపాలి. మూడు క్యూబిక్ మీటర్లు వృథా, బాధే, కానీ వీధి నిలబడుద్ది. ఏ కారణంతో పని ఆగినా జాయింటు దగ్గరే ఆపండి, ఇది మేస్త్రీకి పొద్దునే చెప్పండి, సాయంకాలం చెప్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

డోవెల్ బారు గురించి ఇంకొకటి. అవి నున్నటి కమ్మి, 25 ఎంఎం, మీటరుకు 3.85 కిలోలు, 276 బార్లకు 99.36 మీటర్లు, దాదాపు 382 కిలోలు. మాకు షాపోడు మొదట గీతలు ఉండే టీఎంటీ కమ్మి పంపినాడు, తిరిగి పంపించేసినాం. గీతలు ఉంటే కాంక్రీటు పట్టుకుంటుంది, పలక కుదించుకునేటప్పుడు జారనివ్వదు, పక్కనే కొత్త పగులు వస్తుంది. బారు సగానికి పైగా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, అన్ని బార్లూ రోడ్డు పొడవుకు సమాంతరంగా, పలక మందం మధ్యలో ఉండాలి. ఒకటి వంకర ఉంటే 12 కలిసి తాళం వేసినట్టు అయిపోతుంది. మీది 200 మందం కాబట్టి డోవెల్ పెట్టొచ్చు, చాలా పల్లెల్లో వేసే 150 ఎంఎం వీధికి నన్నడిగితే డోవెల్ డబ్బు దండగ, అంత పల్చటి దాంట్లో బారు చుట్టూ కాంక్రీటు చాలదు, జల్లి ఒకదానికొకటి పట్టుకునే బలంతోనే సరిపెట్టుకోవాలి, జాయింట్లు దగ్గర దగ్గరగా కోసుకోవాలి. ఆ మిగిలిన డబ్బు బేస్‌కు పెట్టండి.

సీలెంట్ దగ్గర అందరూ మర్చిపోయేది అంచులు. మా వీధికి ఒక చివర పాత సీసీ రోడ్డు, ఇంకో చివర కల్వర్టు, రెండు చోట్లా ఫిల్లర్ బోర్డు పెట్టి వదిలేసినాం, అక్కడ డోవెల్ లేదు కానీ సీలెంట్ కావాలి, 7.2 మీటర్లు. 82.8కి కలిపితే 90. అక్కడితో అయిపోలేదు, మా రెండు పక్కలా సైడు కాలవ గోడకు రోడ్డు ఆనుకుని ఉంది, అక్కడ కూడా గోడకూ పలకకూ మధ్య బోర్డు పెట్టి పైన సీల్ చేయాలి, అది 96 రెండు సార్లు, 192 మీటర్లు. అంటే మొత్తం 282. ఎస్టిమేట్లో ఉన్నది 83. మీ రోడ్డు పక్కన ఒట్టి మట్టి అంచే ఉంటే ఆ 192 లేదు, కాలవ గోడ ఉంటే ఉంది, అది మీ వీధిలో నడిచి చూస్తే తప్ప డ్రాయింగులో తెలీదు. మావోళ్ళు 83 మీటర్లకే కొని అంచులు వదిలేసినారు, ఇప్పుడు వాన పడితే కాలవలోకి పోవాల్సిన నీళ్ళు గోడ పక్కన రోడ్డు కిందికి పోతా ఉన్నాయి.

కొనేటప్పుడు మీటర్లు చెప్తే షాపులో ఇవ్వరు, గాడి వెడల్పు లోతు అడుగుతారు. 10 ఎంఎం వెడల్పు 15 ఎంఎం లోతు అయితే 90 మీటర్లకు 13 లీటర్లన్నర, డబ్బా కిలోల్లో ఉంటే లీటరుకు ఎన్ని కిలోలో డబ్బా మీదే చూసుకోండి. కింద బ్యాకర్ రాడ్ అనే నురుగు తాడు తోయకపోతే ఆ 15 లోతు నిలబడదు, కోసిన గాడి అంతా కిందికి దిగిపోయి లెక్కకు రెండింతలు పడుద్ది. గాడిలో కటింగ్ మిషన్ బూడిద తడిగా ఉన్నప్పుడే సీలెంట్ పోసేసే అలవాటు మా దగ్గర ఉంది, మా వీధిలో పోసిన దాంట్లో 6 జాయింట్ల సీలెంట్ ఎండాకాలానికే గాడి అంచుల నుంచి విడిపోయి తాడు మాదిరి చేత్తో పీకేస్తే వచ్చేసింది. కంప్రెసర్‌తో గాలి కొట్టించి, గాడి లోపల వేలు పెడితే దుమ్ము అంటకుండా ఉండాలి, అప్పుడు పోయించండి.