లూడో కాయలు: ముదురు రంగులు సరిపోతాయా?

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ల కోసం లూడో కాయలకు ముదురు రంగులు వేస్తే చాలా?

చాలదు, ప్రతి రంగుకూ తోడుగా ఒక గుర్తు ఉండాలి. వర్ణాంధత్వం అంటే అంతా నలుపు-తెలుపుగా కనిపించడమని చాలామంది అనుకుంటారు. అది చాలా అరుదు. ఎక్కువమందికి ఎరుపు, ఆకుపచ్చ ఒకే మట్టిరంగులా కలిసిపోతాయి, రెంటినీ ముదురు చేసినా అదే తంతు.

అందుకే ఎర్ర కాయ నెత్తిన చుక్క, ఆకుపచ్చ దానికి అడ్డగీత, పసుపుకు కూడిక గుర్తు పెట్టి, నీలాన్ని నున్నగా వదిలేయండి. ఉబ్బెత్తుగా ఆరే ఫ్యాబ్రిక్ పెయింట్‌తో వేస్తే చూపు తక్కువవాళ్లకు వేలికీ తగులుతుంది. అవే గుర్తులు బోర్డు మీద ఇళ్లలోనూ వేయాలి (ఇదే మరిచిపోతారు). గళ్ల గీతలు లావుగా, నల్లగా ఉండాలి. మెరిసే లామినేషన్ వద్దు, లైటు పడితే గళ్లు కనిపించవు.

పూర్తయ్యాక ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. అందులో ఏ కాయ ఎవరిదో తెలియకపోతే గుర్తులు ఇంకా పెద్దవి చేయాలి.